గడ్డకట్టీ కట్టీ, గడ్డకట్టడం మానేసిన రక్తం

గత నెల ఒక సోదరి నుంచి మాకు నాలుగు పుటల ఉత్తరం వచ్చింది. దానితోపాటు ఆమె కోడలి డిశ్చార్జి కాగితాల నకళ్లు కూడా ఉన్నాయి. సలాములు, క్షేమ సమాచారాలు ముగిశాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఉదయం ఒక డాక్టరమ్మ, కడుపులో పెద్ద రక్తపు గడ్డ కట్టిందమ్మా అన్నారు. గంట తిరక్కముందే మరొక డాక్టరు, మీ కోడలి రక్తం గడ్డకట్టడం లేదు, అదే ప్రమాదం అన్నారు. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడినట్లు?”

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసివేసి, ఆ కాగితాల ఆధారంగా ఈ నెల శీర్షికను రాస్తున్నాము. డిశ్చార్జి కాగితం మీద ఈ స్థితికి ఉన్న పేరు డి.ఐ.సి., అనగా డిస్సెమినేటెడ్ ఇంట్రావాస్కులర్ కోయాగులేషన్. రక్తనాళాల లోపల, ఒక చోట కాక శరీరమంతటా, అదుపు తప్పి రక్తం గడ్డకట్టడమని దాని అర్థం. ఇది స్వతహాగా వచ్చే జబ్బు కాదు. మరొక ఆపద దీనిని వెంటబెట్టుకొని వస్తుంది. ఆ అమ్మాయి విషయంలో ఆ ఆపద, బిడ్డ పుట్టకముందే మాయ గర్భసంచి గోడనుంచి ఊడిపోవడం.

జరిగినది ఇది. ఆమె వయస్సు 28 సంవత్సరాలు. రెండవ కాన్పు, 34వ వారం నడుస్తోంది. అంతకు రెండు వారాల ముందు పరీక్షలో రక్తపోటు 150/100 ఉన్నట్లు రాసి ఉంది. మాత్రలు ఇచ్చారు. రాత్రి ఒంటిగంటకు కడుపునొప్పి మొదలైంది. పురుటినొప్పి వచ్చి, తగ్గి, మళ్లీ వస్తుంది. ఈ నొప్పి తగ్గలేదు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. కొద్దిగా నల్లటి రక్తం కనిపించింది. “బిడ్డ కదలడం లేదు, అమ్మీ” అని రెండు గంటలకు కోడలు చెప్పినట్లు అత్తగారే రాశారు. మొదటి కాన్పుకు పద్దెనిమిది గంటలు పట్టింది గనుక తెల్లవారనిద్దామని ఆమె అన్నారు. అయిదు గంటలకు బయలుదేరి, దగ్గరలోని చిన్న నర్సింగ్ హోముకు వెళ్లారు. అక్కడ రెండు లీటర్ల సెలైను, రెండు సంచుల రక్తం ఎక్కించి, పెద్ద ఆస్పత్రికి పంపారు. ఎనిమిది గంటలకు అక్కడికి చేరేసరికి నాడి నిమిషానికి 124, రక్తపోటు 100/70 ఉన్నాయి. బిడ్డ గుండె చప్పుడు వినిపించలేదు. సూది గుచ్చిన చోటనుంచి రక్తం కారుతూనే ఉంది. చిగుళ్లు చెమర్చాయి. మూత్రపు గొట్టంలో ఎరుపు కనిపించింది.

ఆ 100/70 అంకెను చూసి ఊరడిల్లేవారుంటారు. రెండు వారాల క్రితం 150/100 ఉన్న మనిషికి అది మామూలు అంకె కాదు, పతనం. పైకి కనిపించిన రక్తం రెండు మూడు గుడ్డలు తడిసేంత మాత్రమే. మిగిలినదంతా ఊడిన మాయ వెనుక, గర్భసంచి లోపలే పోగవుతోంది. మాయ ఊడినప్పుడు కంటికి కనబడే రక్తాన్నిబట్టి నష్టాన్ని లెక్కగట్టడం ఎప్పుడూ మోసపూరితమే.

ఇక ఆ సోదరి ప్రశ్నకు వద్దాము. కత్తి తెగి వేలునుంచి రక్తం వచ్చినప్పుడు ఏమి జరుగుతుంది? ముందుగా ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు తెగిన చోటికి చేరి ఒకదానికొకటి అంటుకొని బిరడా వేస్తాయి. అదే సమయంలో రక్తనాళం వెలుపలి కణజాలంలో ఉండే టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం రక్తాన్ని తాకుతుంది. ఆ తాకిడితో, కాలేయం తయారుచేసి రక్తంలో నిద్రాణంగా ఉంచిన గడ్డకట్టే కారకాలు ఒకదానినొకటి లేపుతాయి. చివరికి థ్రాంబిన్ పుడుతుంది. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను అది ఫైబ్రిన్ అనే నారపోగులుగా మారుస్తుంది. ఆ పోగులు ప్లేట్‌లెట్ల బిరడా చుట్టూ వలలా అల్లుకుంటాయి. గాయం ఉన్నంతమేరకే ఈ పని జరుగుతుంది. చుట్టుపక్కలకు పాకకుండా ఆపే పదార్థాలు, పని ముగిశాక వలను కరిగించే పదార్థాలు కూడా రక్తంలోనే ఉంటాయి.

టిష్యూ ఫ్యాక్టర్ ఉండవలసినది నాళాల బయట. శరీరంలో అది మిక్కిలిగా పేరుకొని ఉండే చోట్లలో మాయ ఒకటి. కాన్పులో మాయ విడిపోగానే తల్లి రక్తం త్వరగా ఆగడానికి ఈ ఏర్పాటు మేలు చేస్తుంది. కానీ మాయ ముందుగానే ఊడి, బిడ్డ లోపలే ఉండి, రక్తం బయటకు పోయే దారి లేక ఒత్తిడి పెరిగినప్పుడు, ఆ టిష్యూ ఫ్యాక్టర్ తల్లి రక్తనాళాల్లోకి నెట్టబడుతుంది. అప్పుడు గాయం ఒక చోట ఉండగా, ‘గాయమైంది, గడ్డకట్టండి’ అనే కబురు శరీరమంతా పాకుతుంది. ఎక్కడికక్కడ సన్నని నాళాల్లో ఫైబ్రిన్ పోగులు అల్లుకోవడం మొదలవుతుంది. ఆపే పదార్థాలు కూడా ఆ వరదలో ఖర్చైపోతాయి.

గడ్డ కట్టడమంటే సరుకు వాడడమే. ప్రతి పోగుకూ ఫైబ్రినోజెన్ కావాలి, ప్రతి బిరడాకూ ప్లేట్‌లెట్లు కావాలి. కాలేయం గంటలో చేసి ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు వేగంగా అవి అయిపోతాయి. ఆపైన మరొక నష్టం ఉంది. శరీరం ఇంతటి ఫైబ్రిన్‌ను చూసి దానిని కరిగించే పనినీ ఉధృతం చేస్తుంది. కరిగిన ఫైబ్రిన్ ముక్కలు కొత్త పోగులు సరిగా అల్లుకోకుండా అడ్డుపడతాయి. ప్లేట్‌లెట్లు అంటుకోవడాన్ని కూడా చెడగొడతాయి. అందుచేత, నిజంగా గడ్డ కావలసిన చోట, అంటే మాయ ఊడిన గాయం వద్ద, సూది గుచ్చిన చోట, చిగుళ్ల వద్ద, కట్టడానికి రక్తంలో ఏమీ మిగలదు. మొదటి డాక్టరమ్మ చెప్పింది మాయ వెనుక కట్టిన గడ్డ గురించి. రెండవ డాక్టరు చెప్పింది నాళాల్లో మిగిలిన, సరుకు అయిపోయిన రక్తం గురించి. మొదటిది కారణం, రెండవది దాని ఫలితం.

ఎంత సరుకు పోయిందో ఆ కాగితాల్లోని ఒక్క అంకెతో లెక్కవేసి చూడవచ్చు. మామూలు మనిషి రక్తంలో ఫైబ్రినోజెన్ డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. నెలలు నిండుతున్న గర్భిణిలో అది పెరిగి 400 నుంచి 600 వరకు వెళుతుంది. ఆ ఉదయం ఆమెకు వచ్చిన అంకె 90. ఆ నెలల్లో రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, సుమారు మూడున్నర లీటర్లు ఉంటుందనుకుంటే, డెసిలీటరుకు 450 చొప్పున దాదాపు 16 గ్రాముల ఫైబ్రినోజెన్ ఉండవలసిన చోట 3 గ్రాములే మిగిలింది. తరువాత బయటపడిన మాయ వెనుక గడ్డ సుమారు ఒక లీటరు ఉన్నట్లు రాశారు. ఒక లీటరు రక్తంలో ఉండే ఫైబ్రినోజెన్ 3 గ్రాములకు మించదు. మిగిలిన పది గ్రాములు ఎక్కడికి పోయినట్లు? కొంత కారిన రక్తంతో పోయింది, సెలైనువల్ల కొంత పలచబడినట్లు కనిపించింది. పెద్ద భాగం మాత్రం నాళాల లోపలే పోగులుగా మారి కరిగిపోయింది. అలా కరిగిన ముక్కలను కొలిచే పరీక్షే డి-డైమర్. ఆమె కాగితంలో ఆ అంకె పరికరం కొలవగల హద్దును దాటి ఉంది. అయితే గర్భిణుల్లో డి-డైమర్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కొంత పెరిగే ఉంటుంది గనుక, దానిని ఒంటరిగా చూసి తీర్పు చెప్పరాదు.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ల్యాబు కాగితంలో ‘మామూలు హద్దు 200–400’ అని అచ్చువేసి ఉంటుంది. రక్తస్రావంలో ఉన్న గర్భిణికి 210 వస్తే, ఆ అంకె హద్దులోపలే ఉంది కదా అని ఇంటివారు, ఒక్కోసారి సిబ్బంది కూడా నిశ్చింతగా ఉండిపోతారు. ఆమెకు అది సగానికి సగం పడిపోయిన అంకె. బాలింత రక్తస్రావంలో ఫైబ్రినోజెన్ 200కు దిగువకు వస్తే స్రావం తీవ్రమయ్యే సూచనగా వైద్యులు భావిస్తారు. అంకె ఎంత అన్నదానితోపాటు, ముందు ఎంత ఉండేది, గంటలో ఎంత పడింది అన్నవి అడగాలి.

ఈ అంకెలు ల్యాబునుంచి రావడానికి గంట పట్టవచ్చు. ఆ పెద్ద ఆస్పత్రిలో అందుకోసం ఆగలేదు. “గాజు గొట్టంలో రక్తం పోసి నర్సు పిడికిట్లో పట్టుకొని నిలబడింది, ఏదో దిష్టి తీసినట్లు” అని ఉత్తరంలో ఉంది. అది ఎంతో పాత పరీక్ష, నేటికీ విలువ తగ్గనిది. శుభ్రమైన, పొడి, మందేమీ కలపని చిన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఒంటి వేడి తగిలేలా పిడికిట్లో ఉంచుతారు. నాలుగు నిమిషాల తరువాత మెల్లగా వంచి చూస్తారు. ఆపైన నిమిషానికొకసారి చూస్తారు. ఏడు నిమిషాలు గడిచినా గడ్డ కట్టకపోయినా, కట్టిన గడ్డ మెత్తగా ఉండి ఇట్టే చెదిరిపోయినా, రక్తంలో సరుకు అయిపోతున్నట్లు లెక్క. ఆమె రక్తం పది నిమిషాలకు కూడా నీరులాగే పారింది. అంతకుముందే, మంచం మీదికి కారిన రక్తం గడ్డకట్టకుండా దుప్పటి మీద పారడాన్ని ఒక ఆయా గమనించి చెప్పిందట. చూడగలిగిన కన్నుకు అదీ పరీక్షే.

రెండవ ప్రశ్న: “రెండు సంచుల రక్తం ఎక్కించినా కారడం ఆగలేదు. పసుపుపచ్చ సంచులు ఎక్కించాకే తగ్గింది. మొదట ఇచ్చిన రక్తం చెడ్డదా?” చెడ్డది కాదు. నేడు రక్తనిధి కేంద్రంలో ఒక దాత ఇచ్చిన రక్తాన్ని విడదీసి ఉంచుతారు. ఎర్రకణాల సంచి ఒకటి, ప్లాస్మా సంచి ఒకటి, ప్లేట్‌లెట్ల సంచి ఒకటి. నర్సింగ్ హోములో ఎక్కించినవి ఎర్రకణాలు. ప్రాణవాయువును మోయడానికి అవి అత్యవసరం. అవి లేకపోతే ఆమె పెద్ద ఆస్పత్రికి చేరేది కాదేమో. కానీ వాటిలో గడ్డకట్టే సరుకు దాదాపు ఉండదు. సెలైనులో అసలే ఉండదు. వాటిని మాత్రమే ఇస్తూ పోతే, మిగిలిన కొద్దిపాటి సరుకు మరింత పలచబడుతుంది. గడ్డకట్టే పరీక్ష అక్కడే చేసి, ముందుగా కబురు పంపి ఉంటే పెద్ద ఆస్పత్రిలో ప్లాస్మా సిద్ధంగా ఉండేదన్నది మా అభిప్రాయం. త్వరగా పంపించివేయడం మాత్రం వారు చేసిన మంచిపని.

పసుపుపచ్చ సంచుల్లో రెండు రకాలున్నాయి. మొదటిది గడ్డకట్టించి నిలువచేసిన తాజా ప్లాస్మా. మైనస్ 18 డిగ్రీలకు దిగువన ఉంచిన దానిని కరిగించడానికే అరగంట దాకా పడుతుంది. “రక్తనిధిలో సంచులు ఉండి కూడా ఇవ్వకుండా అరగంట కూర్చోబెట్టారు” అన్న ఆమె ఫిర్యాదుకు సమాధానం అదే. నాలుగు సంచులు, సుమారు 800 మిల్లీలీటర్లు ఇస్తే, వాటిలోని ఫైబ్రినోజెన్ దాదాపు 2 గ్రాములు. రెండవది క్రయోప్రెసిపిటేట్, ఆస్పత్రుల్లో క్రయో అంటారు. ప్లాస్మాను అతిచల్లగా, నెమ్మదిగా కరిగిస్తే అడుగున తేరుకొనే చిక్కటి భాగమిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్ అనే శాస్త్రవేత్త్రి 1964లో దీనిని వెలుగులోకి తెచ్చారు. అది హీమోఫీలియా రోగుల కోసం జరిగిన పని. ఈనాడు బాలింతల రక్తస్రావంలోనూ ప్రాణం నిలుపుతోంది. పది చిన్న సంచులు కలిపినా 200 మిల్లీలీటర్లకు మించవు గాని, వాటిలోనూ దాదాపు 2 గ్రాముల ఫైబ్రినోజెన్ ఉంటుంది. నీరు తక్కువ, సరుకు ఎక్కువ. ఆమెకు పది సంచుల చొప్పున రెండుసార్లు క్రయో ఇచ్చారు. ప్లేట్‌లెట్లు మొదట 68,000 ఉన్నాయి. రక్తస్రావం సాగుతుండగా అవి 50,000కు దిగువకు వచ్చాక వాటినీ ఎక్కించారు.

ఇవన్నీ ఖర్చుకు తగిన జమ మాత్రమే. ఖర్చు ఆగవలసింది మరొక చోట. మాయ లోపల ఉన్నంతసేపు టిష్యూ ఫ్యాక్టర్ ఊరుతూనే ఉంటుంది. అందుచేత అసలు చికిత్స కాన్పే.

ఇక్కడే ఇంటివారందరినీ కలచివేసిన మూడవ ప్రశ్న ఉంది: “బిడ్డ పోయాడని ఎనిమిది గంటలకే తెలుసు. ఆపరేషను చేసి తీసివేయకుండా, ఆ పిల్లను మధ్యాహ్నం ఒకటిన్నర దాకా నొప్పులు పడనిచ్చారు. డబ్బు కట్టలేమనుకున్నారా?” చనిపోయిన బిడ్డను అయిదు గంటలు మోసిన తల్లి వేదన మాటలకందదు. ఆమె పక్కన కూర్చొని చూసినవారి కోపం కూడా మాకు అర్థమవుతుంది. కానీ ఆ నిర్ణయం ఆమె ప్రాణం కోసమే జరిగింది. గడ్డకట్టని రక్తం ఉన్న శరీరం మీద కత్తి పెడితే, చర్మం, కండరం, గర్భసంచి, ప్రతి పొరా కారుతూనే ఉంటుంది. కుట్టు వేసిన రంధ్రం కూడా కారుతుంది. సహజ కాన్పులో మాయ ఊడిన చోట రక్తం ఆగడానికి మొదటి ఆధారం గడ్డకట్టడం కాదు, గర్భసంచి కండరం బిగుసుకొని నాళాలను నొక్కివేయడం. ఆ కండరానికి ఫైబ్రినోజెన్ అక్కర్లేదు. బిడ్డ బతికి ఉంటే లెక్క వేరు, అప్పుడు క్షణాల మీద ఆపరేషను చేయవలసి వచ్చేది. బిడ్డ లేనప్పుడు, తల్లి నిలకడగా ఉంటే, ఉమ్మనీటి సంచిని పగలగొట్టి, మందుతో నొప్పులు పెంచి, ప్లాస్మా ఎక్కిస్తూ సహజ కాన్పుకు ప్రయత్నించడమే క్షేమం. తల్లి పరిస్థితి దిగజారితే ఆపరేషను చేయక తప్పదు. అందుకోసమే గది సిద్ధంగా ఉంచినట్లు కాగితాల్లో ఉంది.

ఒకటిన్నరకు కాన్పు అయింది. గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్, దానితోపాటు ట్రనెక్సామిక్ ఆసిడ్ ఒక గ్రాము నరంలోకి ఇచ్చారు. కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా ఇది కాపాడుతుంది. 21 దేశాల్లో ఇరవై వేలమంది బాలింతలమీద జరిగి 2017లో వెలువడిన పెద్ద పరిశీలనలో, కాన్పు అయిన మూడు గంటలలోపు దీనిని ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు తగ్గాయి. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గింది. సాయంత్రం నాలుగింటికి ఫైబ్రినోజెన్ 220కి చేరింది. సూది గుచ్చిన చోట్లు ఆరాయి.

“రక్తం పలచన చేసే ఇంజెక్షను ఇచ్చినందువల్లే ఇదంతా జరిగిందని మా మరిది అంటున్నాడు” అన్నారు ఆమె. కాగితాలన్నీ చూశాము. అటువంటి మందు ఎక్కడా లేదు. డి.ఐ.సి.లో గడ్డలే ఎక్కువై వేళ్లు నల్లబడే తరహాలో కొందరికి హెపారిన్ ఇస్తారు. ఇలా కారుతున్న మనిషికి ఇవ్వరు.

రెండు రోజులు మూత్రం తగ్గి, క్రియాటినిన్ 2.1కి పెరగడానికి కారణం కూడా చెప్పాలి. రక్తపోటు పడిపోవడం ఒకటి. మూత్రపిండాల్లోని సన్నని నాళాల్లో ఫైబ్రిన్ అడ్డుపడడం మరొకటి. కారడం కంటికి కనిపిస్తుంది, అడ్డుపడడం కనిపించదు. రక్తంలో సూక్ష్మజీవులు చేరినప్పుడు వచ్చే డి.ఐ.సి.లో ఈ కనిపించని భాగమే ముందుంటుంది. మన పొలాల్లో రక్తపింజరి కాటుకు గురైనవారి రక్తం కూడా గాజు గొట్టంలో గడ్డకట్టదు. అక్కడ ఇరవై నిమిషాలు ఆగి చూస్తారు. కాని ఆ విషం టిష్యూ ఫ్యాక్టర్‌తో పని లేకుండా నేరుగా గడ్డకట్టే కారకాలనే రగిలించి తగలబెడుతుంది గనుక నిపుణులు దానిని వేరుగా లెక్కిస్తారు. దానికి ముందుగా కావలసింది పాము విషానికి విరుగుడు మందు. ఆ కథ మరొకసారి.

ఉత్తరం చివర, సిరా చెదిరిన చోట, ఆమె అడిగింది: “నేను రాత్రే బయలుదేరదీసి ఉంటే?” దీనికి కల్లబొల్లి ఊరట చెప్పలేము. బిడ్డ విషయంలో ఎవరికీ తెలియదు. రెండు గంటలకే కదలిక ఆగిందంటే, సగానికి మించి మాయ అప్పటికే ఊడి ఉండవచ్చు. రక్తంలో సరుకు ఇంతగా అయిపోయే కేసులు చాలావరకు బిడ్డ దక్కనంత పెద్దగా మాయ ఊడినవే. తల్లి విషయంలో ఆ గంటలు బరువైనవే. అంత రక్తం పోకముందే చేరి ఉండేది. అయితే ఆ నొప్పికీ పురుటినొప్పికీ తేడా ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు. రక్తపోటు 150 చూసి మాత్రలు రాసిన రోజునే చెప్పవలసిన మాటలవి: విరామం లేని నొప్పి, వదలని పొట్ట బిగువు, నల్లటి రక్తం కొద్దిగా కనిపించినా సరే, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే, రక్తనిధి ఉన్న ఆస్పత్రికి బయలుదేరాలి.

కోడలి రక్తంలో పుట్టుకతో లోపమేమీ లేదు, అది వంశంలో వచ్చేదీ కాదు. అయిదవ రోజుకు ప్లేట్‌లెట్లు 1,20,000కు చేరాయి. ఆరు వారాల తరువాతి పరీక్షలో గడ్డకట్టే అంకెలన్నీ మామూలుగా ఉన్నాయి, క్రియాటినిన్ 0.8. అయితే ఒకసారి మాయ ఊడినవారికి తరువాతి కాన్పులో మళ్లీ ఊడే అవకాశం ఇతరులకంటే చాలా ఎక్కువ. మళ్లీ గర్భం ధరించాలనుకుంటే ముందుగానే రక్తపోటు అదుపులోకి తెచ్చుకొని, తొలి నెలల్లోనే ఈ కాగితాలను డాక్టరుకు చూపించాలి. కాన్పును రక్తనిధి ఉన్న పెద్ద ఆస్పత్రిలోనే పెట్టుకోవాలి. అసలు కాగితాలు ఆ సోదరి వద్దే ఉన్నాయి. ఫైబ్రినోజెన్ 90 అని రాసి ఉన్న పుటను వాటన్నిటికీ పైన పెట్టుకొమ్మని ఆమెకు రాశాము.